మొదటి నెల ఉత్తరంలో నేను రాయని మాట

నా దగ్గర కొత్తగా చేరే ప్రతి మనిషికీ ఒక ఉత్తరం రాసిస్తాను. కామారెడ్డిలో మా జిమ్‌లో ఇంకే ట్రైనరూ ఈ పని చేయడు. మొదటి రోజు మనుషులు ఉత్సాహంలో ఉంటారు కాబట్టి చెప్పింది వినరు. మూడో రోజు నొప్పుల్లో ఉంటారు కాబట్టి అప్పుడూ వినరు. కాగితం మీద పెడితే ఇంట్లో ఎవరో ఒకరు చదువుతారని నా ఆశ. ఆ ఆశ ఒక్కసారి మాత్రం అవసరానికి మించి నెరవేరింది.

ఆయనకు యాభై రెండేళ్లు. ఎల్లారెడ్డిలో ఎరువుల దుకాణం. పొలమంతా తమ్ముడు చూసుకుంటాడు కాబట్టి ఈయన ఇరవై ఏళ్లుగా కుర్చీని చూసుకుంటున్నాడు. అక్కడా జిమ్ ఉంది కదా అన్నా, గంట దారి ఇక్కడిదాకా ఎందుకని అడిగాను.

"ఆడ చేస్తే నా గిరాకీ అంత కిటికీలకెల్లి చూస్తది తమ్మీ," అన్నాడు.

అసలు సంగతి తర్వాత చెప్పాడు. చుట్టాల ఇంట్లో నేల మీద బంతి భోజనానికి కూర్చున్నాడు. తినడం బాగానే తిన్నాడు, లేవలేకపోయాడు. ఇద్దరు చెరో చంక పట్టుకుని లాగితే, ఒకరు వెనక నుంచి నెట్టారు. ఇంకొకరు సాయానికి బదులు ఫోను తీశారు. ఆ వీడియో కుటుంబం గ్రూపులోకి వచ్చింది. కింద ఎవరో రాశారు: "బోర్లకెల్లి మోటరు తీస్తున్నరు." తొంభై మంది నవ్వారు. అందులో సొంత మేనల్లుళ్లు కూడా ఉన్నారని ఆయన బాధ.

ఇప్పుడు ఆయన కొత్త ఇంటి గృహప్రవేశానికి నెలా ఇరవై రోజులుంది. భార్యతో కలిసి పీటల మీద కూర్చుని వ్రతం చేయాలి. గ్రూపులోని తొంభై మందీ వస్తారు, ఫోన్లతో సహా.

"నాకు బక్కగ కావాలని లేదు. ఎవ్వల చెయ్యి పట్టుకోకుంట లేవాలె. గంతే."

బీపీ మాత్రలు వేసుకుంటాడు కాబట్టి ముందు డాక్టరును అడిగి రమ్మన్నాను, వచ్చాడు. చేతులు గుండెల మీద కట్టించి, అర నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేస్తాడో చూశాను. ఏడుసార్లు. ఏడోసారి లేచినప్పుడు కుర్చీ కూడా కొంత దూరం ఆయనతోపాటు వచ్చింది.

ఆ సాయంత్రం ఉత్తరం రాశాను. అందులో ముఖ్యమైన ముక్కలు ఇవి:

"అన్నా, మొదటి నెలలో మీరు బరువులు ఎత్తడం కాదు, మీ ఒంటిని ఎత్తడం నేర్చుకుంటారు. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విశ్రాంతి. ఆ విశ్రాంతి కూడా పనిలో భాగమే. మొదటి రెండు వారాలు ఎత్తయిన కుర్చీలోంచి లేచి కూర్చోవడం ఎనిమిదిసార్ల చొప్పున రెండు విడతలు, గోడకు చేతులు ఆనించి దండాలు, రబ్బరు పట్టీ లాగడం, పావుగంట నడక. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మూడో వారం కుర్చీ ఎత్తు తగ్గిస్తాం. నాలుగో వారం నేల మీదికి వెళతాం.

"రెండో రోజు, మూడో రోజు తొడలు నొప్పి పెడతాయి, అవే తగ్గుతాయి. కీలులో పొడిచినట్టున్నా, ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తూకం మిషన్ నెలంతా కదలకపోవచ్చు, దాన్ని తిట్టకండి. అన్నం మానొద్దు, కొంచెం తగ్గించి పప్పు, గుడ్డు పెంచండి. నెల చివరికి మీ చేయి మీరే ఆనించుకుని నేల మీద నుంచి లేస్తారని నా అంచనా. అసలు చేయే ఆనించకుండా లేవడం ఇంకొన్ని నెలల పని. అన్నిటికన్నా ముఖ్యం, ఆ మూడింట్లో ఒక్క రోజు కూడా ఖాళీ పోనివ్వొద్దు."

ఆయన చదివి, చేయి ఆనించుకునే దగ్గర వేలు పెట్టాడు.

"చేరంగనే నాకు చాతగాదని రాసిస్తవా?"

"నిజం రాసిన అన్నా."

"నిజం మా గ్రూపుల మస్తు రాస్తున్నరు. నువ్వన్న జర మంచిగ రాయకపోతివి," అని ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మొదటి వారం మూడు రోజులూ వచ్చాడు. రెండో వారం నాకు డెంగీ వచ్చింది. ఇతరుల ఆరోగ్యం చూసుకునే మనిషిని పన్నెండు రోజులు మా అమ్మ మంచానికి అప్పగించింది. జిమ్‌లో మరో ట్రైనర్ నా కాగితం చూసి పని చేయించి, రోజూ లెక్క ఫోనులో పంపేవాడు. ఆయన పేరు పక్కన అర నిమిషంలో కుర్చీ లేవడం పద్నాలుగు అని వచ్చింది. తర్వాత పంతొమ్మిది. తర్వాత ఇరవై మూడు.

పళ్లరసం తాగుతూ మంచంలోనే కన్నీళ్లు పెట్టుకున్నాను. జ్వరం కొంత, గర్వం కొంత. ఏడు నుంచి ఇరవై మూడు, రెండు వారాల్లో! ఇలా జరగదని నాకు తెలుసు. పాఠంలోనూ చదివాను. కానీ జరిగింది నా చేతిలో కాబట్టి పాఠమే తప్పనుకున్నాను. ఆ అంకెలను వాట్సాప్ స్టేటస్‌లో కూడా పెట్టాను. కింద కండ బొమ్మ.

నేను తిరిగి వెళ్లిన రోజు ఆయన వచ్చాడు. పొట్ట అలాగే ఉంది. ఇరవై మూడు చూద్దామని కుర్చీ వేశాను. ఎనిమిది చేశాడు.

"ఏమైంది అన్నా? పానం బాగలేదా?"

"బాగనే ఉంది. ఒకటి పెరిగింది గద," అన్నాడు సంతోషంగా.

"మొన్న ఇరవై మూడు చేసిండ్రు!"

"అది నేను కాదు తమ్మీ, మా తమ్ముడు. నాట్ల రోజులు గదా, దుకాణంల ఊపిరి సలుపుతలేదు. వాడు పంపు సామాన్లకు ఎట్లన్న కామారెడ్డి వస్తున్నడు. నాది గూడ వాడే చేసి పోయిండు."

ఆ ట్రైనర్‌ని అడిగితే, ఎల్లారెడ్డి పేరు చెప్పి వచ్చాడు, చేయించాను, మామూలుగా నాది సాయంత్రం డ్యూటీ, నీ మనిషిని నేనెప్పుడు చూశానన్నాడు. ఒప్పుకోవలసిన మాటే. పన్నెండు రోజుల్లో ఐదుసార్లు తమ్ముడే వచ్చాడు. రోజంతా మడిలో తిరిగే మనిషి, పొద్దున వచ్చి అన్న కుర్చీ మీద ఇరవై మూడుసార్లు లేచి, మళ్లీ మడికి వెళ్లాడు. స్టేటస్ తీసేశాను. అప్పటికే మా మేనమామ దాన్ని ముగ్గురికి పంపాడు.

కోపం ఫోనులో చల్లారదని ఆదివారం బండి మీద ఎల్లారెడ్డి వెళ్లాను. ఇంటి వసారాలో వాళ్లమ్మ, ఊరందరికీ అవ్వ, గొంతుక్కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నా ఉత్తరాన్ని అతికించిన గోడ కింద అన్నదమ్ములిద్దరూ చాయ్ తాగుతున్నారు. ఉత్తరానికి ప్లాస్టిక్ తొడుగు కూడా వేయించారు.

"అన్నా, మీరు చేయాల్సింది తమ్ముడు చేస్తే ఎట్ల?"

తమ్ముడు నిజంగానే నొచ్చుకున్నాడు. "ఒక్క రోజు ఖాళీ పోవద్దని నువ్వే రాసినవ్ గద! నేను ఖాళీ పోనియ్యలే. మా మడిల నాటుకు పక్కోళ్ల ఇంట్లకెల్లి వస్తరు, వాళ్ల నాటుకు మేం పోతం. రావాల్సినోళ్లకు చాతగాకపోతే ఆ ఇంట్లకెల్లి ఇంకొకలొస్తరు. ఎవ్వలొచ్చిన పని అయితది."

"ఇది నాటు కాదన్నా. మీరు చేస్తే మీ కాళ్లకే బలం."

"మా కాళ్లు ఒక్కింటియే గదా," అన్నాడు పెద్దాయన.

అప్పుడు అవ్వ తలెత్తింది. "ఏం కొడుకా, వీని కోసం నేను శనివారం ఒక్కపొద్దుంటలేనా? వీడు కడుపునిండ తింటడు, ఉపాసం నాది. అది వీనికి తగులుతలేదా?"

ట్రైనర్ల పరీక్షలో ఈ ప్రశ్న రాలేదు. తగులుతోందంటే నా వాదన పోతుంది, తగలడం లేదంటే అవ్వ చేతిలో చాట ఉంది. కాసేపు గోడ మీది నా ఉత్తరాన్ని చదువుకున్నాను. ఎక్కడా 'మీరే చేయాలి' అన్న మాట లేదు. అది రాయాలని నాకు తోచనే లేదు.

"అవ్వా, దేవునికి ఇంట్లెవరు చేసిన ఒక్కటే గావచ్చు," అన్నాను. "మోకాలుకు మాత్రం దయ లేదు."

ఆమె ఒప్పుకోలేదు. కానీ చాట కింద పెట్టి, ఏదీ పట్టుకోకుండా, చేతులు చాపకుండా, నిటారుగా లేచి నిలబడింది. డెబ్బై దాటిన మనిషి.

"నీకేం రోగంరా మరి?" అంది కొడుకుతో.

అక్కడే చిత్తు కాగితం మీద రెండో ఉత్తరం రాశాను. "పన్నెండు రోజులు పోయాయి. మొదటి వారం నుంచి మళ్లీ మొదలు. మీరే చేయాలి. తమ్ముడు చేస్తే తమ్ముడికే. పక్కన ఎవరైనా కూర్చోవచ్చు, లెక్కపెట్టవచ్చు, తిట్టవచ్చు." చివరి మాట రాయకుండా ఉండాల్సింది. సోమవారం కారులోంచి ఆయనతోపాటు అవ్వ కూడా దిగింది. మా జిమ్‌లో యంత్రాల మధ్య ఒక కుర్చీ వేయించుకుని, ఎనిమిది దాకా లెక్కపెట్టి, ప్రతి విడతకీ ఒక తిట్టు కానుకగా ఇచ్చేది. మిగతా వాళ్లు కూడా ఆమెకు భయపడి విడతలు పూర్తి చేశారు.

కుర్చీ ఎత్తు తగ్గింది. ఆయన లెక్క పదకొండుకు వచ్చింది. తూకం మిషన్ నేను రాసినట్టే కదల్లేదు. చివరి వారం నేల మీదికి వెళ్లాం. పక్కకు తిరగడం, చేయి ఆనించడం, ఒక మోకాలి మీదికి రావడం, రెండో పాదం ముందుకు వేయడం, తొడ మీద చేయి నొక్కి లేవడం. రెండుసార్లు వస్తే మూడోసారి కూలబడేవాడు.

గృహప్రవేశానికి నేనూ వెళ్లాను. ఆయన గంటన్నరకు పైగా పీట మీద కూర్చున్నాడు. హారతికి లేవమని పంతులు అన్నాడు. మంత్రానికి తలెత్తని వాళ్లంతా ఫోన్లెత్తారు. ఆయన పక్కకు తిరిగాడు, నేలకు చేయి ఆనించాడు, మోకాలి మీదికి వచ్చి ఆగిపోయాడు. పంచె అంచు పాదం కింద ఇరుక్కుంది. తమ్ముడు అలవాటుగా చేయి చాపాడు.

"చెయ్యి తియ్యిరా," అన్నాడు ఆయన పళ్ల బిగువున. పంచె లాక్కుని, రెండో పాదం ముందుకు వేసి, తొడ మీద నొక్కి లేచాడు. మెల్లగా లేచాడు. అయినా లేచాడు.

వెంటనే గొడవ మొదలైంది. "చెయ్యి ఆనిచ్చిండు గదా," అని ఒక మేనల్లుడు. "సొంత చెయ్యే గదా ఆనిచ్చింది!" అని తమ్ముడు. పంతులు హారతి పళ్లెం పట్టుకుని తీర్పు కోసం నిలబడ్డాడు. వీడియో వెనక్కి తిప్పి తిప్పి చూశారు. ఈసారి దాని కింద ఎవరూ మోటరు గురించి రాయలేదు.

భోజనాలకు పందిట్లో బల్లలూ కుర్చీలూ వేశారు. ఆయన తన ఆకు తీసుకుని, బల్ల పక్కన నేల మీద వేసుకుని కూర్చున్నాడు. వడ్డించే వాళ్లు ఆయన ఒక్కడి కోసం నడుం వంచాల్సి వచ్చింది.

"పప్పు ఇంకింత వెయ్యి," అన్నాడు. "అన్నం జర తక్కువ."