గుంటకు ఒకరే మనిషి

పూజారి ఎందుకు వద్దని నన్ను అడిగినవాళ్లకు నేను చెప్పే జవాబు ఒకటే. నీ మొర నువ్వు చెప్పుకోలేవా, నీకు బదులు ఇంకొకడు నోరు ఎందుకు తెరవాలి? ఆదోని వీధి సభల్లో ఈ మాట అని మట్టిబెడ్డలు తిన్న రోజులున్నాయి. అయితే ఈ సంగతి నాకు నిజంగా తలకెక్కింది ఏ వాదసభలోనూ కాదు, ఎమ్మిగనూరులో ఒక చేనేత సహకార సంఘం సర్వసభ్య సమావేశంలో.

నేనప్పుడు ఆ సంఘంలో గుమాస్తాను. నూలు తూచి ఇవ్వడం, నేసిన బట్ట కొలిచి తీసుకోవడం, మినిట్స్ రాయడం నా పని. డెబ్బైల చివరి రోజులు. సాయంత్రం బస్సెక్కి ఆదోని పోయి వాదించడం నా వ్యసనం.

ఆ ఏడు మా వీధిలో ఒక నేతగాడు గుండె ఆగి పోయినాడు. అతని భార్య కర్మకాండ ముగియకుండానే మగ్గం గుంటలోకి దిగింది. గుంట మగ్గం అంటే నేలలో తవ్విన గొయ్యి. అందులో కాళ్లు పెట్టి కూర్చుని తొక్కుడు చెక్కలు తొక్కుతూ నేస్తారు. మా వైపు ఆడవాళ్లు కండెలు చుడతారు, పడుగు సరిచేస్తారు, గంజి పెడతారు. గుంటలో మాత్రం మగవాడే కూర్చోవాలట. ఆడది దిగితే మగ్గానికి మైల అట! పడుగు నుంచి గంజి దాకా ముట్టిన చేతులకు లేని మైల, తొక్కుడు చెక్క మీద పెట్టిన కాలికి ఎక్కడ నుంచి వచ్చిందో ఇప్పటిదాకా ఎవరూ నాకు చెప్పలేకపోయారు.

ఆమె నేసిన బట్టను నేనే కొలిచి తీసుకున్నాను. అంచు గీత గీసినట్టుండేది. కానీ ఆమెకు నూలు ఇవ్వాలంటే సభ్యురాలై ఉండాలి. మా బైలాలో, అంటే సంఘం నియమావళిలో, సభ్యుడంటే 'స్వయంగా మగ్గం నేసేవాడు' అని ఉంది. నేసేవాడు! ఆ 'డు' దగ్గర కమిటీ ఆగిపోయింది. సర్వసభ్య సమావేశం తేల్చేదాకా మాత్రం నూలు ఇవ్వండని అధ్యక్షుడు ఒప్పించినాడు. తేలకపోతే ఆమెకు మిగిలేది పెద్ద షావుకారు ఒక్కడే. ఆయన నూలిచ్చి కూలికి నేయించుకునేవాడు. ఇంట్లో ఒక మగ్గం ఉంచుకున్నాడు కాబట్టి ఆయనా సభ్యుడే. ఆయన నూలు నేసే సంఘ సభ్యులు కూడా చాలామందే ఉన్నారు.

అధ్యక్షుడు ముసలి నేతగాడు. తక్కువ మాటల మనిషి. ఎజెండాలో లెక్కల ఆమోదం, ఆడిట్ నివేదిక, కొత్త ఏటి బడ్జెట్ తర్వాత నాలుగో అంశంగా బైలా సవరణ పెట్టించినాడు: 'నేసేవాడు' అన్నచోట 'నేసేవారు' అని మార్చుట. ఒక్క అక్షరం. హాజరైనవాళ్లలో మూడింట రెండు వంతులు చేతులెత్తాలి. తర్వాత రిజిస్ట్రారు నమోదు చేయాలి.

నోటీసు అచ్చుకు ఆదోని పంపినాం. గడువు మించకుండా సభ్యులందరికీ అందాలి కాబట్టి ప్రూఫు చూసుకునే తీరిక లేదు. కట్ట బస్సులో వచ్చింది, మేం పంచినాం. మిగతా సంగతి తర్వాత తెలిసింది. మా నోటీసుకు ముందు ఆ ప్రెస్సు ఒక జిన్నింగు కంపెనీ వాటాదార్ల నోటీసు అచ్చువేసింది. కంపోజిటరు సాయిబు ఆ అచ్చులో పై భాగం విప్పి మాది కూర్చినాడు, అడుగు పేరా విప్పడం మరిచినాడు. దాంతో మా నోటీసు కింద కంపెనీ మాట వచ్చి కూర్చుంది: 'స్వయంగా రాలేనివారు తమ తరఫున ప్రతినిధిని నియమించి ఓటు వేయించవచ్చు. ప్రాక్సీ పత్రాలు సమావేశం మొదలయ్యేలోగా కార్యాలయంలో అందజేయాలి.'

కంపెనీలో ఓటు వాటాకు. పెట్టుబడి ఎవరి చేతితోనైనా ఓటు వేయగలదు. మా సంఘంలో ఓటు మనిషికి. ఎన్ని వాటాలున్నా ఒకటే ఓటు, అదీ తానే వచ్చి వేయాలి. ఈ తేడా చట్టంలో స్పష్టంగా ఉంది. కానీ నోటీసును చివరిదాకా ఎవరు చదువుతారు? అందరూ తేదీ, చోటు, ఎజెండా చూసి మడిచి చూరులో దోపినారు.

చివరిదాకా చదివినవాడు షావుకారు ఒక్కడే.

సమావేశం రోజు సంఘం గోడౌనులో చాపలు పరిచినాం. సహకార శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. జనం పలుచగా ఉన్నారు. కొందరు కోసిగి వైపు బంధువులతో కూలికి పోయినారు, అది ప్రతి ఏడూ ఉన్నదే. ఈసారి ఊళ్లో ఉన్నవాళ్లు కూడా రాలేదు. హాజరు పుస్తకం చూసి నేను అధ్యక్షుడి చెవిలో చెప్పినాను, కోరం లేదని. మా బైలా ప్రకారం సభ్యుల్లో ఐదో వంతు కూర్చుంటేనే సభ.

అప్పుడు షావుకారు లేచి చేతిసంచిలోంచి కాగితాల కట్ట తీసినాడు. ఒక్కో కాగితం మీద ఊదా రంగు వేలిముద్ర.

"కోరం ఈడ ఉండాది, అధ్యక్షన్నా. లెక్క పెట్టుకోండి. వీళ్లందరి తరఫున నేనే."

"ఇదేందప్పా?" అన్నాడు అధ్యక్షుడు.

"ప్రాక్సీ. నోటీసులో మీరే ఏసినారు గదా. సదువుకోలేదా ఏంది?"

చాపల మీద నవ్వులు లేచినాయి. నేను నోటీసు అందుకుని చూసినాను. అధ్యక్షుడు కూడా చూసినాడు, అడుగు పేరా దగ్గర వేలు పెట్టి నెమ్మదిగా చదివినాడు. షావుకారు ఎత్తు చాలా చక్కనిది. ఆ కాగితాలు ఒప్పుకుంటే కోరం వస్తుంది, సవరణ ఓడిపోతుంది. ఒప్పుకోకపోతే కోరమే లేదు. అరగంట ఆగి సభ వాయిదా వేయాలి. వాయిదా సభలో కోరం లేకున్నా మామూలు పనులు నడుస్తాయి గానీ, బైలా ముట్టుకోవడానికి వీల్లేదు. ఎటు చూసినా ఆమె మగ్గం ఆయన ఇంటికే నడుస్తుంది.

ఆమె సభ్యురాలు కాదు కాబట్టి లోపలికి రాలేదు. కిటికీ అవతల అరుగు మీద నిలబడి అంతా వింటూ ఉంది.

అధ్యక్షుడు కాగితాల కట్టను షావుకారుకే తిరిగిచ్చినాడు.

"తప్పు అచ్చయింది. తప్పు మాది. దానికి నన్ను తిట్టండి. అచ్చయినంత మాత్రాన చట్టం మారదు. ఇది కంపెనీ కాదు."

"ఊరికే చట్టం చట్టం అంటావు. వాళ్లు నన్ను నమ్మి ఏలిముద్ర ఏసినారప్పా!"

"నమ్మకం మంచిదే. ఒక్కటి చెప్పు. గుంటలో ఇద్దరు కూచుని నాలుగు కాళ్లతో తొక్కితే బట్ట పడతాదా?"

"యాడన్నా పడతాదా?"

"గుంటకు ఒకరే మనిషి. ఓటూ అంతే."

షావుకారు ఇన్‌స్పెక్టరు వైపు తిరిగినాడు. ఆయన తల అడ్డంగా ఊపి, ప్రాక్సీలు కోరానికీ పనికిరావు, ఓటుకూ పనికిరావు అన్నాడు. అధ్యక్షుడు గోడ గడియారం చూసి, "అరగంట ఆగుదాం" అన్నాడు. ఆ అరగంటలో లేచి పోయి తన మనుషులను పిలుచుకురావడం అధ్యక్షుడికి తేలికే. ఆయన మాత్రం కుర్చీ కదల్లేదు. అధ్యక్షుడు వీధికి పోతే బలవంతం పెట్టినాడంటారు అన్నది ఆయన భయం. ఆ నిగ్రహం నాకు ఆనాడు ఒంటికి కారం రాసినట్టుండింది. ఇప్పుడు తలుచుకుంటే చేతులు జోడించాలనిపిస్తుంది, దేవుడికి జోడించని చేతులు.

కిటికీ దగ్గర ఆమె లేదు.

ఆ తర్వాతి సంగతి మా వీధివాళ్లు నాకు పదిసార్లు చెప్పినారు. ఆమె మగ్గాల వీధిలో ఒక్కో వాకిట నిలబడి పిలిచిందట. ఒక నేతగాడు గుంటలోంచే అన్నాడట:

"నేను పొద్దున్నే ఏలేసినా గదక్కా. పోయి వచ్చినట్టే."

"నీ ఏలు షావుకారు సంచిలో ఉండాదప్పా. చెయ్యి నీకాడే ఉండాది. దాన్ని ఎత్తుకోని రా."

"నీకు చెయ్యెత్తమనా?"

"నాకో, ఆయనకో, నీ ఇష్టం. ఎవరికెత్తినా నువ్వే ఎత్తు."

నాకు ఓటు వేయండి అని ఆమె అడగలేదు. రండి అన్నది, అంతే. నేను ఎన్ని సభల్లో ఎన్ని మాటలు ఖర్చుపెట్టినా ఇంత సూటి వాక్యం నా నోట రాలేదు. కండెలు చుడుతున్న ఆడవాళ్లు అందుకున్నారట. "ఏలేసి ఇంట్లో కూచునేటోళ్లు నేసేటోళ్లా? పో, లేయ్!" అని మొగుళ్లను గుంటల్లోంచి లేపినారట.

గడియారం ముల్లు కదులుతూ ఉంది. ముందు ఒకడు వచ్చినాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. తర్వాత ముగ్గురు. తర్వాత గుంపు. జుట్టుల్లో నూలు పీచు, మోకాళ్ల మీద గంజి మరకలు. షావుకారు గుమ్మం దగ్గరికి పోయి నవ్వుతూ, "ఎందుకొచ్చినావురా, నీ పని నేను సేస్తా గదా" అన్నాడు ఒకనితో. వాడు తల గోక్కుని, "ఊరికే సూసిపోదామని, మామా" అన్నాడు. చూసిపోదామన్నవాడు చాప మీద ముందు వరసలో కూర్చున్నాడు.

హాజరు పుస్తకంలో సంతకాలు పెట్టించినాను, రాయడం రానివాళ్లతో వేలిముద్రలు వేయించినాను. కోరం నిండిందని అధ్యక్షుడికి చెప్పినాను. ఆయన ఊఁ అన్నాడు, గెలిచినట్టు కాదు, నూలు బరువు సరిపోయిందంటే అనే ఊఁ అది. లెక్కలు, ఆడిట్, బడ్జెట్ ఏదీ దాటేయకుండా వరుసగా నడిపించినాడు. నాలుగో అంశం వచ్చినప్పుడు 'డు', 'రు' రెండూ గట్టిగా పలికి తేడా చెప్పినాడు. షావుకారుకు మాట్లాడే అవకాశం ఇచ్చినాడు. ఆయన మైల గురించి మాట్లాడినాడు, ఆచారం గురించి మాట్లాడినాడు. ఎవరూ అడ్డు రాలేదు. నేను నోరు మూసుకుని రాసుకున్నాను. అది నా వాదసభ కాదు.

"సవరణకు ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

ముందు ఒక్క చెయ్యి. పక్కవాడి వైపు చూపులు. తర్వాత చేతులు ఒకదాని వెనక ఒకటి లేచినాయి. చాలా చేతుల బొటనవేళ్ల మీద ఊదా సిరా. పొద్దున షావుకారు కాగితం మీద అంటిన సిరా, హాజరు పుస్తకం దగ్గర మళ్లీ అంటిన సిరా. ఏది ఏదో చెప్పలేం. షావుకారు మాత్రం వేళ్లను కాదు, మొహాలను చూస్తున్నాడు. ఎదురు చేతులూ లేచినాయి, ఊదా వేళ్లు వాటిలోనూ ఉన్నాయి. ఇన్‌స్పెక్టరూ నేనూ విడివిడిగా లెక్కపెట్టినాం. మూడింట రెండు వంతులు దాటింది.

సభ ముగిసి అందరూ అరుగు మీదికి వచ్చినప్పుడు ఆమె ఇంకా ఆయాసపడుతూ నిలబడి ఉంది.

"ఒక మాట అడగాల, అధ్యక్షన్నా," అన్నది. "నేను ఎత్తాల్సిన చెయ్యి వీళ్లంతా ఎత్తినారు గదా. ఇది ప్రాక్సీ కాదా? సెల్లుతాదా?"

గుంపంతా గొల్లున నవ్వింది. తక్కువ మాటల ముసలాయన మొదటిసారి పళ్లు కనపడేలా నవ్వినాడు.

"ఈ ఒక్కతూరికి సెల్లుతాదిలేమ్మా. వచ్చే ఏడు నీ చెయ్యి నువ్వే ఎత్తుకోవాల."

మరుసటి ఏడు నోటీసు ప్రూఫు కోసం నేనే ఆదోని పోయినాను. కంపోజిటరు సాయిబు అడుగు పేరా నాకు రెండుసార్లు చదివి వినిపించినాడు: 'సభ్యులు స్వయంగా హాజరు కావలెను. ప్రాక్సీ చెల్లదు.' ఎమ్మిగనూరులో ఆమె ఇంటికి పోయి నోటీసు ఇచ్చినప్పుడు ఆమె గుంటలోనే ఉంది. పడుగులో అటూ ఇటూ పోయే నాడెను ఆపి, కాగితం తీసుకుని, తేదీ అడగలేదు, ఎజెండా అడగలేదు.

"కింద ఏమేసినారో అది సదువప్పా," అన్నది.

చదివినాను. "ఊఁ" అన్నది, అధ్యక్షుడి లాగే, బరువు సరిపోయినట్టు. నాడె మళ్లీ కదిలింది.