కుంకుమ భరిణెలో సిమ్ము

ఐర్లండుకు చదువుకు పోతూ చెల్లెలు తన సిమ్ము నా చేతిలో పెట్టింది. "అక్కా, బ్యాంకు మెసేజులు దీనికే వస్తాయి, జాగర్త" అంది. నా ఫోనులో ఉన్న రెండు సిమ్ముల చోట్లూ అప్పటికే నిండిపోయాయి. విలువైనదేదైనా దేవుడి దగ్గర పెట్టడం మా ధర్మవరం మగ్గాల ఇళ్ళలో అలవాటు. మగ్గం దిగిన చీర కూడా ముందు అక్కడికే పోతుంది. నేను సిమ్మును దేవుడి దగ్గరి కుంకుమ భరిణెలో దాచాను. నెలనెలా రీచార్జి చేస్తూ, నా అంత తెలివైనది లేదనుకున్నాను.

రెండో విడత ఫీజుకు శుక్రవారం గడువు. కట్టకపోతే సీటు పోతుంది. డబ్బు ఆమె హిందూపురం ఖాతాలోనే ఉంది. పంపాలంటే ఓటీపీ రావాలి. ఆమె ఐర్లండు నంబరు బ్యాంకులో లేదు. మంగళవారం భరిణె తీసి చూస్తే, పూజనీళ్ళ తడికి సిమ్ము నల్లబడి ఉంది. ఏ ఫోనులో వేసినా పలకలేదు. నా మొహానికి తెలివొకటి!

బుధవారం హిందూపురం పోయాను. బ్యాంకులో ఆఫీసరమ్మ తల అడ్డంగా ఊపింది.

"నువ్వు రాసిస్తే నంబరు మార్చేకి కాదమ్మా. ఆ పాపే రావల్ల. లేదంటే ఫారం మీద సంతకం పెట్టి, పాస్‌పోర్టు, వీసా కాపీలు ఆడుండే మన ఎంబసీలో అటెస్టు చేయించి పంపల్ల. ఖాతాను బయటి దేశాల్లో ఉండేవాళ్ళ ఎన్నార్వో ఖాతాగా మార్చి, ఆ దేశం నంబరే ఎక్కిస్తాం."

"శుక్రవారానికి అవుతాదా మేడం?"

"యాడమ్మా! వారాలు పడతాది. సిమ్ము ఎవరి పేరున ఉండాది?"

"మా నాయన పేరున."

"అట్లయితే ఆయప్పను పిల్చుకపోయి అదే నంబరుకు ఇంగో సిమ్ము తీసుకోండి. అసలు పాపతోనే పంపి రోమింగు పెట్టించింటే ఈ తిప్పలే ఉండేవి కావు."

తిరిగొస్తుంటే రైలు పెనుకొండలో ఆగినప్పుడు చెల్లెలు ఫోను చేసింది. భరిణె సంగతి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఏడ్చింది. తిట్టినా బాగుండేది.

గురువారం మధ్యాహ్నం ధర్మవరంలో సిమ్ముల అంగడికి నాయనను తీసుకుపోయాను. ఆయన బొటనవేలు మిషను మీద పెట్టాడు. పడలేదు. చూపుడువేలూ పడలేదు. పంచెకు తుడుచుకుని మళ్ళీ పెట్టాడు.

"పట్టుదారం పట్టీపట్టీ గీతలన్నీ అరిగిపోయినాయప్పా" అన్నాడు, తప్పు చేసినవాడిలాగా.

అంగడాయన ఆధారు కార్డునూ నాయన మొహాన్నీ ఫోటో తీసి ఆ దారిన పని నడిపాడు. "కొత్త సిమ్ముకు ఇరవైనాలుగు గంటలు మెసేజులు రావమ్మా. మోసాలు జరక్కుండా రూలు" అన్నాడు.

శుక్రవారం ఆ గంటలు గడిచాక చెల్లెలు అక్కడినుంచి డబ్బు పంపే పని మొదలుపెట్టింది. కొత్త సిమ్ముకు ఓటీపీ వచ్చి ఫోను మోగింది. ఆరంకెలూ చదివాను.

"పోయిందక్కా, డబ్బు పోయింది! సీటు నిలబడింది" అని అరిచింది. సోమవారమే ఎంబసీకి పోయి, అక్కడి నంబరే ఎక్కించుకుంటానంది. ఆ తర్వాత అడిగింది: "నాయన వేలిముద్ర ఒగసారికే పడిందా?"

నాయన పక్కనే మగ్గం గుంతలో కూర్చుని, తెగిన పోగు ముడేస్తున్నాడు.

"పడిందిలే" అన్నాను.