ఆప్‌లో పైకి రావడం

రియాద్‌లో మలాజ్ పేటలో మా గదిలో ముగ్గురం ఉండేవాళ్ళం. అందులో పెళ్ళి కానివాడు ఒక్కడే, నిర్మల్ వైపు నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్. ముప్పై నాలుగు దాటాయి. ఛుట్టీకి పోయిన ప్రతిసారీ సంబంధాలు చూడ్డం, ప్రతిసారీ ఒకటే జవాబు: పిల్లగాడు మంచోడే గని గల్ఫ్ అంటే మా అమ్మాయి ఒప్పుకోవట్లేదు. చివరిసారి తిరిగొచ్చాక వాడు ఫోన్లో డేటింగ్ ఆప్ పెట్టుకున్నాడు. మళ్ళీ ఛుట్టీ దొరికేలోపు ఒక్క మనిషైనా తనతో నిజంగా మాట్లాడితే చాలన్నది వాడి ఆశ. మేం నవ్వాం. తర్వాత జాలిపడ్డాం. జాలిపడ్డాకే అసలు చేటు మొదలైంది.

ఆ ఆప్ మనం ఎక్కడుంటే అక్కడి మనుషులనే చూపిస్తుంది. డబ్బు కడితే ఊరు మార్చుకోవచ్చు. వాడు కట్టి, రియాద్‌లో కూర్చుని కరీంనగర్ పెట్టుకున్నాడు. రియాద్‌లో ఉంటానని ఫోటో కింద నిజాయితీగా రాశాడు కూడా. మొదటి నాలుగు రోజులూ లైకులు బాగానే వచ్చాయి. గదిలో పండగ. ఆ తర్వాత చప్పున ఆగిపోయాయి. కొత్తగా చేరినవాళ్ళని ఆప్ మొదట్లో కావాలనే ఎక్కువమందికి చూపిస్తుందని నేను చదివాను, చెప్పాను కూడా. ఎవడు వింటాడు?

మా మూడోవాడు కడప మనిషి, ఒక హోటల్ లాండ్రీలో రాత్రి షిఫ్టు. వాడికి వీడియోల పిచ్చి. రోజూ ఆప్ తెరిచేవాళ్ళనే ఆప్ పైకి తెస్తుందని ఎక్కడో విన్నాడు. అది చాలావరకు నిజమే. ఆన్‌లైన్‌లో ఉన్నవాణ్ణి చూపిస్తే జవాబొచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, నెలరోజులుగా మొహం చూపించనివాణ్ణి ఏ ఆప్ అయినా వెనక్కి నెడుతుంది. కానీ మా ఎలక్ట్రీషియన్ పనిచేసే సైట్లో కెమెరా ఫోన్లు లోపలికి రానివ్వరు. కరీంనగర్‌లో ఆడవాళ్ళు అన్నం తిని ఫోన్ పట్టుకునే వేళకి ఇక్కడ ఇంకా సాయంత్రమే, వీడు ఓవర్‌టైమ్‌లో కేబుల్ ట్రేల మీద ఉంటాడు. అందుకని ఫోన్ గదిలో వదిలిపెట్టి పోయేవాడు. సాయంత్రం నిద్రలేచే కడపవాడు డ్యూటీకి పోయేముందు కూరగాయలు తరుగుతూ, ఒక్క వేలితో వాడి తరఫున ఆప్ నడిపేవాడు. మా గదిలో ఒకడి పని ఇంకొకడు అందుకోవడం అలవాటే. బట్టలూ అంతే, వంటా అంతే.

ఒక్కటే షరతు పెట్టాడు ఎలక్ట్రీషియన్. "ఫోటోలు నువ్వు జరుపు. మెసేజులు మాత్రం తెరువకు."

కడపవాడు మాట మీద నిలబడే మనిషి. తెరవలేదు. కానీ వచ్చిన ప్రతి ఫోటోనీ కుడివైపుకే తోసేవాడు. కుడి అంటే ఇష్టం, ఎడమ అంటే వద్దు. ఎంతమందిని ఇష్టపడితే అంత హాజరు పడినట్టని వాడి లెక్క, కంపెనీ గేటు దగ్గర వేలిముద్ర వేసినట్టు. నేను తిట్టాను. కనబడ్డ వాళ్ళందరికీ దండం పెట్టేవాణ్ణి ఎవరూ నమ్మరు, ఆప్ కూడా నమ్మదన్నాను. ఎంచుకుని లైక్ చెయ్యాలి, లైక్ తిరిగొస్తే మాట్లాడాలి, వచ్చిన మెసేజుకి జవాబివ్వాలి. ఆ కంపెనీలు లోపలి లెక్క ఎవరికీ పూర్తిగా చెప్పవు గానీ, అందరూ ఊహించేది ఇదే.

"నువ్వు స్టోర్ కీపర్‌వా, ఆప్ మేనేజరువా అబ్బా?" అన్నాడు కడపవాడు. నాకు ఒళ్ళు మండింది.

లైకులు తగ్గితే ఖాతా తీసేసి మళ్ళీ కొత్తగా పెట్టడం వాడి రెండో విద్య. ఒకసారి ఎలక్ట్రీషియన్ ఒప్పుకునే అలా చేశారు. కొన్నాళ్ళు మళ్ళీ పైకొచ్చినట్టే కనిపించింది. ఆప్ పాత నంబరునీ, పాత ఫోటోలనీ గుర్తుపట్టకుండా ఉంటుందా అన్నాను. ఆ మాటా గాలికే పోయింది.

ఆ రెండో ఖాతాలోనే ఒకామె పరిచయమైంది. కరీంనగర్‌లో ఏదో మందుల షాపులో పని. ఈ సంగతి మాకు తెలియదు. మేం ఏడిపిస్తామని వాడు నోరు విప్పలేదు. డ్యూటీ నుంచి రాగానే ఫోన్ తీసుకుని మెట్ల మీదికి పోయేవాడు. ఇంటికి మాట్లాడుతున్నాడనుకున్నాం. తర్వాత తెలిసింది, గల్ఫ్ అని తెలిసి కూడా ఆమె మాట్లాడింది. నంబరు మాత్రం ఇవ్వలేదు. టికెట్ తీసుకున్నాక చెప్పు, అప్పుడు మా అమ్మకి చెప్తాను, నంబరూ ఇస్తానంది. జాగ్రత్త గల మనిషి. నేనైనా అదే చెప్పేవాణ్ణి.

రీఎంట్రీ వీసా కొట్టించుకుని, టికెట్ తీసుకున్న రోజు వాడు పొద్దున్నే సంతోషంగా దవామ్‌కి, అదే డ్యూటీకి పోయాడు. రాత్రి వచ్చి ఆమెకి తీరిగ్గా చెప్పాలని. ఛుట్టీకి పోతున్నాడని మాకూ తెలుసు. కడపవాడికి కూడా సంతోషమే. పోయేముందు వీణ్ణి ఒకసారి పైకి లేపుదామని, ఖాతా తీసేసి కొత్తది పెట్టాడు.

నేను గదిలోకి వచ్చేసరికి ఎలక్ట్రీషియన్ ఫోన్ పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. ఆప్‌లో ఒక్క మెసేజూ లేదు.

"నేనేం చేసినాబ్బా," అంటున్నాడు కడపవాడు. "కొత్తగా పెడితే మళ్ళా పైకొచ్చాది గదా. నువ్వు మెసేజులు చూడొద్దంటివి, నేను చూడలా."

ఖాతా తీసేస్తే అందులోని మనుషులూ మాటలూ అన్నీ పోతాయి. తిరిగి రావు. ఆమెకి మాత్రం ఏం తెలుస్తుంది? టికెట్ తీసుకోవాల్సిన రోజున మనిషి మాయమయ్యాడని తెలుస్తుంది. నాకు కడపవాడి మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. ఏడుస్తున్నవాణ్ణి ఏమనాలి? ఇద్దరూ ఏడుస్తున్నారు.

మందుల షాపులన్నీ తిరిగి వెతుకుతావా అని అడిగాను.

"వద్దన్నా. తెల్వనోడు వెతుక్కుంట షాపుకొస్తే ఆమె భయపడ్తది," అన్నాడు.

ఇక మిగిలింది ఒకటే దారి, వాడి ఫోటో ఆప్‌లో మళ్ళీ ఆమె ముందు పడాలి. వాడి ముందు ఆమెది పడాలి. అప్పుడు విన్నాడు నా మాటలన్నీ. ఫోన్ ఎవరికీ ఇవ్వలేదు. సూపర్‌వైజర్ని బతిమాలి ఓవర్‌టైమ్ మానేశాడు, కరీంనగర్ ఫోన్లు వెలిగే వేళకి తన చేత్తో ఆప్ తెరవడానికి. పరీక్షకి చదివే పిల్లల్లో కూడా అంత శ్రద్ధ నేను చూడలేదు. అయినా ఆ ఖాతా లేవలేదు. రెండుసార్లు తీసి పెట్టిన ఖాతాని ఆప్ ఏ అడుగున పడేసిందో మాకెలా తెలుస్తుంది?

ఛుట్టీకి ఇంకా నాలుగు రోజులుందనగా, నేను చపాతీలు ఒత్తుతుంటే వాడు వచ్చి ఫోన్ నా మొహం ముందు పెట్టాడు. ఆమె. నవ్వే మొహం, తెల్ల కోటు. కింద ఆమె తన గురించి రాసుకున్న నాలుగు మాటలు. వాటి కింద కొత్తగా ఇంకో వాక్యం: గల్ఫ్‌లో ఉండేవాళ్ళు దయచేసి నన్ను లైక్ చెయ్యకండి.

"ఇది ఇంతకుముందు లేదన్నా," అన్నాడు. "నా గురించే రాసింది."

కుడివైపుకి జరుపు, చూస్తుందేమో, గుర్తుపడుతుందేమో, జరిగింది చెప్పొచ్చు అన్నాను. నిజంగానే అన్నాను.

వాడు చాలాసేపు ఆ వాక్యమే చదివాడు.

"చెయ్యకుండ్రి అని అడిగింది గదన్నా," అని, ఆమె ఫోటోని ఎడమవైపుకి జరిపాడు.