వలనూలు అరువు

బందరులో మా మావయ్యకు వలనూలు కొట్టు ఉండేది. చేపలు పట్టేవాళ్లకు నెల రోజుల అరువు ఇచ్చేవాడు. రెండు నెలలిస్తే దివిసీమ పడవలవాళ్లూ మన దగ్గరికే వస్తారని ఆయన ఆశ. "బీకాం చదివావుగా, లెక్క తేల్చరా," అన్నాడు.

తేల్చాను. ఏడాది అమ్మకం అరవై వేల నుంచి డెబ్భై రెండు వేలకు పెరుగుతుంది. పెరిగిన అమ్మకం మీద లాభం పద్దెనిమిది వందలు. అయితే పాతవాళ్లు కూడా ఇక రెండు నెలలకు గాని డబ్బివ్వరు. రావలసిన బాకీ ఐదు వేల నుంచి పన్నెండు వేలవుతుంది. అందులో లాభం పోను అదనంగా ఇరుక్కునే మా అసలు దాదాపు ఆరు వేలు, దానికి వడ్డీ ఐదు వందల నలభై. ఎగ్గొట్టేవాళ్ల కింద ఇంకో ఆరు వందలు తీసేశాను. మిగులు ఆరు వందల అరవై.

"ఇవ్వచ్చు మావయ్యా," అన్నాను గర్వంగా.

కార్తీకంలో గాలివాన వచ్చింది. కొత్తగా అరువిచ్చిన పడవల్లో రెండు తిరిగి రాలేదు. కొన్నాళ్లకు దివిసీమ నుంచి ఒకామె నూలు మూటతో మా కొట్టుకి వచ్చింది.

"మా ఆయన వల సగం అల్లారండి. ముళ్లన్నీ ఇప్పేశాను. కొత్త నూలు కిందే తీసుకోండి బాబూ," అంది.

మావయ్య వద్దన్నా వినకుండా మూట అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ నూలు ఇంకా మెలికలు తిరిగే ఉంది.

ఏడాది చివర రాని బాకీలు సరిగ్గా ఆరు వందల దగ్గరే తేలాయి. "అచ్చం నువ్వన్నట్టే వచ్చిందిరా!" అని మావయ్య నా భుజం తట్టాడు.

ఎగ్గొట్టినవాడు ఒక్కడూ లేడు.