ఏ స్లైడూ వాడని లేఅవుట్

గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో సేఫ్టీ క్లాసులకు స్లైడ్లు చేయడం నా పని. మా దగ్గర కొత్త ఫైలంటూ ఎవరూ మొదలుపెట్టరు. పాతదాన్నే ఇంకో పేరుతో సేవ్ చేసి తేదీ మార్చేస్తాం. నా ఫైలుకు మూలం, నాకు ముందు ఈ పని చేసిన అన్న ఎక్కడినుంచో డౌన్‌లోడ్ చేసిన టెంప్లేట్. ఆయన డ్యూటీ దిగి ఇంటికి పోతూ రోడ్డు మీద చనిపోయాడు. ఆయన ఫోను కూడా అక్కడే నుజ్జయింది.

నెల తర్వాత వాళ్లావిడ గేటు దగ్గరికి వచ్చింది.

"డ్యూటీల ఉన్న ఫోటో ఒక్కటన్న దొరుకుతదా చెల్లె? ఇంట్ల పెండ్లి ఫోటో తప్ప ఏం లేదు."

ప్లాంటులోకి ఫోన్లు రానివ్వరు. కంపెనీ కెమెరా కార్డు ఎప్పుడో ఖాళీ చేశారు. ఉన్న ఫోల్డర్లన్నీ గాలించి, లేదని చెప్పాను. ఆ మాట చెప్పిన రోజు నుంచి ఆయన కుర్చీలో కూర్చోవాలంటే నాకు మనసొప్పేది కాదు.

వానాకాలంలో ఒకరోజు ఫైలు మరీ పెద్దదని మెయిల్ తిరిగొచ్చింది. తెరిచి చూస్తే ఫైలు చివర్లో టెంప్లేటుతో వచ్చిన నమూనా స్లైడ్లు ఇంకా ఉన్నాయి. వాటి ఫోటోల్లో ఎవరో తెల్లదొరలు గ్రాఫులు చూసి పళ్లికిలిస్తున్నారు. ఇన్నేళ్లు వీళ్లను మోశామా అని తిట్టుకుంటూ తీసేశాను. బరువు కొంతే తగ్గింది. స్లైడ్ల అచ్చులు దాచి ఉండే స్లైడ్ మాస్టర్ తెరిస్తే ఎడమ పక్కన ఆ అచ్చులు, అంటే లేఅవుట్లు, బారుగా ఉన్నాయి. మౌస్ పెడితే ఏ స్లైడు దాన్ని వాడుతోందో చెబుతుంది. ఏ స్లైడూ వాడనివి ఒక్కొక్కటే డిలీట్ కొట్టుకుంటూ పోయాను. నాకు ఓపిక తక్కువ, తొందర ఎక్కువ. చూడకుండా కొట్టిన ఒకదానిలో మనిషి మెరిసి మాయమయ్యాడు.

తీసేసింది వెనక్కి రావడానికి వెంటనే కంట్రోల్ జెడ్ నొక్కాను.

హెల్మెట్, కళ్లద్దాలు, ముక్కూ నోరూ కప్పిన రబ్బరు మాస్కు. ఎడమ భుజం కాస్త వాల్చి నిలబడిన తీరు మాత్రం ఆ అన్నదే. రక్షణ సామాను ఎలా వేసుకోవాలో చూపించడానికి తనే నిలబడినట్టున్నాడు. ఆ ఫోటోను స్లైడు మీద కాక పొరపాటున లేఅవుట్ మీద అతికించాడు. మామూలుగా చూస్తే అది ఎవరికీ కనిపించదు. అన్నాళ్లూ నేను తెరిచిన ప్రతి ఫైలులో ఆయన అలా నిలబడే ఉన్నాడు.

ఫోటోను విడిగా సేవ్ చేసుకుని, ఆ లేఅవుట్ కూడా తీసేశాను. మెయిల్ వెళ్లింది. ఆదివారం ఫోటో పెద్దగా ప్రింటు తీయించుకుని బొంతపల్లిలో వాళ్లింటికి వెళ్లాను. అక్క సంతోషిస్తుందనే అనుకున్నాను.

ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. మాస్కు మీద బొటనవేలితో రుద్దింది.

"ఏసీ రూముల కంప్యూటర్ పనే అని చెప్తుండె," అంది మెల్లగా. "గిట్ల ముక్కు మూసుకునే గాలిలకు పోతుండెనా చెల్లె, దినాం?"