రెండో చాప్టర్‌లో జవాబు

డెమో క్లాసంటే పెళ్లిచూపుల కంటే ఘోరం. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో వాళ్ల పుస్తకంలోని లెక్కే వాళ్ల పిల్లలకు చెప్పాలి. అది రాసిన సాంబమూర్తి సారే వెనక బెంచీలో కూర్చుని చూస్తాడు. ఉద్యోగం ఇచ్చేదీ, పొమ్మనేదీ ఆయనే.

హెప్సిబా ఎల్బీనగర్‌లో ఆరేళ్లుగా ట్యూషన్లు చెప్పుకుంటోంది. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివీ, ‘అనుభవం లేదు’ అనిపించుకుని ఇప్పటికి మూడు చోట్ల నుంచి తిరిగొచ్చింది. ఇది నాలుగోది.

లెక్క చిన్నదే. ఆటో కోసం ఎదురుచూపు సగటున రెండు నిమిషాలు, దిగాక బస్సు కోసం మూడు. రెండూ ఎక్స్‌పోనెన్షియల్, ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. మొత్తం ఎదురుచూపు ఏ డిస్ట్రిబ్యూషన్?

“ఇండిపెండెంట్ కాబట్టి మూమెంట్ జనరేటింగ్ ఫంక్షన్లను గుణిస్తే చాలు,” అంటూ బోర్డు మీద రాసింది: 1/((1−2t)(1−3t)).

అప్పుడు పుస్తకంలో జవాబు చూసింది. ‘గామా. షేప్ 2, స్కేల్ 2.5.’

పైప్రాణాలు పైనే పోయాయి. గామా కావాలంటే రెండు బ్రాకెట్లూ ఒకటే కావాలి. సార్ రెండుకీ మూడుకీ సగటు తీసి సరిపెట్టేశాడు! చూసీచూడనట్టు పోతే ఉద్యోగం ఖాయం. నోటికాడి కూడు ఎవరైనా కాలదన్నుకుంటారా? కానీ ఎదురుగా నలభై మంది పిల్లలు, నెలలో పరీక్ష.

“సార్, ఇది గామా కాదు సార్,” అంది.

“తొమ్మిదేళ్ల నుంచి ఇదే చెబుతున్నానమ్మా,” అన్నాడాయన చల్లగా. “సగటు అయిదు వస్తోంది కదా?”

“సగటు కలుస్తది సార్. రెండో మూమెంట్ కలవదు. జర చూడండి.”

రెండుసార్లు డెరివేటివ్ తీసి t స్థానంలో సున్నా పెట్టింది. మొదటిది 5, రెండోది 38. ముప్పై ఎనిమిదిలోంచి అయిదు వర్గం పాతిక తీస్తే వేరియన్స్, అంటే సగటు నుంచి చెదురు, 13. పుస్తకం గామాకు పన్నెండున్నరే. తర్వాత ఆ భిన్నాన్ని 3/(1−3t) − 2/(1−2t) అని విడగొట్టి, డెన్సిటీ రాసింది: x సున్నా దాటాక, e^(−x/3) − e^(−x/2).

సాంబమూర్తి లేచాడు. బోర్డు దగ్గరికొచ్చి మార్కర్ లాక్కున్నంత పని చేశాడు. మొదటినుంచీ తనే చేశాడు. హెప్సిబాకు ఏడుపొచ్చేలా ఉంది, ఎందుకు నోరు తెరిచానురా దేవుడా అనుకుంది.

ఆయనకీ పదమూడే వచ్చింది.

మార్కర్ మూత పెట్టి పిల్లల వైపు తిరిగాడు. “రెండో చాప్టర్, ఏడో లెక్క. జవాబు కొట్టేయండి. తప్పు నాదే.”

తన పుస్తకం హెప్సిబా చేతిలో పెట్టాడు.

“మిగతా పదకొండు చాప్టర్లూ చూసుకుని సోమవారం రండి మేడమ్. ఇంకెన్ని తప్పులు చెప్పానో నాకూ తెలియాలి.”