ఇరవై రెండేళ్ల సర్వీసుకు రెండు పేజీల ప్రొఫైల్

మా నాయనకు ఆళ్లగడ్డలో కిరాణా అంగడి. చిన్నాయనకు బట్టల అంగడి. వాళ్ల మధ్య పెరిగిన నేను ఆటో ఎక్కినా, ఆపిల్ కొన్నా బేరమాడకుండా ఉండలేను. అలాంటి నేను సర్కారు కొలువులో చేరి ఇరవై రెండేళ్లు రేషన్ బియ్యం చూసుకున్నాను. చివరి ఎనిమిదేళ్లు ఆళ్లగడ్డలో స్టాక్ పాయింట్ ఇన్‌చార్జిని. పెద్ద గోడౌన్ల నుంచి వచ్చే బియ్యాన్ని దించుకుని, మండలంలోని రేషన్ షాపులకు పంపే చోటు అది.

స్వచ్ఛంద పదవీ విరమణకు మూడు నెలల నోటీసు ఇచ్చేశాను. నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీకి గోడౌన్లూ రవాణా చూసే మేనేజరు కావాలని తెలిసింది. కూతురింకా ఇంజనీరింగ్‌లో ఉంది. వచ్చే పెన్షన్‌తో ఇల్లు నడుస్తుంది గానీ దాని ఫీజు నడవదు. ఆ ఉద్యోగం రావాల్సిందే.

నంద్యాలలో మా మేనకోడలు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగుల నియామకాలు చూస్తుంది. నా ప్రొఫైల్ తీసుకుని వాళ్లింటికి పోయాను. చదివి నా మొహం చూసింది.

"ఏంది మామా ఇది, సర్వీసు రిజిస్టరా?"

నిజానికి అంతే. ఏ సీటులో ఎన్నాళ్లు, ఎప్పుడు అదనపు బాధ్యతలు, శాఖాపరమైన పరీక్షలు ఎప్పుడు పాసయ్యాను. ఆఖర్న, నా మీద క్రమశిక్షణ చర్యలేవీ పెండింగులో లేవని. ప్రతి పనికీ ముందు 'పై అధికారుల ఆదేశాల మేరకు' అని కూడా తగిలించాను. మా ఆఫీసుల్లో 'నేను చేశాను' అని రాసేవాడు రేపు ఆడిట్‌లో ఇరుక్కుంటాడు.

"కేసుల్లేవని రాస్తే, ఉండాల్సినవి యాడ పోయినాయని అడుగుతారు. తీసెయ్," అంది. "ఒకటో తేదీకి బియ్యం షాపులకు చేరకుంటే ఏమైతాది?"

"కార్డుదారులు వచ్చి తహసీల్దారు ఆఫీసు ముందర కూర్చుంటారు."

"నీ ఎనిమిదేళ్లల్లో ఎన్నిసార్లు కూర్చున్నారు?"

"ఒక్కసారీ లేదు. హమాలీలు సమ్మె చేసిన నెలలో గూడా."

"మరి అది రాయవేంది మామా?"

అలా ఒక్కొక్కటి అడుగుతూ రాయించింది. స్టాక్ పాయింట్ పక్కన 'సరుకు పంపిణీ కేంద్రం' అని పెట్టింది. ముందొచ్చిన లాటు ముందు పంపడాన్ని, నెలనెలా బస్తాలు లెక్కబెట్టి రిజిస్టరుతో సరిచూడడాన్ని నిల్వల నిర్వహణ కింద చేర్చింది. షాపుల డీలర్లను నా కింద పనిచేసేవాళ్లని రాయబోతే ఆపింది.

"వాళ్లకు జీతం నువ్వు ఇచ్చినావా? 'సమన్వయం' అని రాయి."

చదువుకుంటే ఎవరో మొనగాడి కథలా ఉంది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. అంగడివాళ్ల రక్తం కదా, ఇంటికొచ్చి ఇంకో వాక్యం చేర్చి పంపాను: రవాణా రేట్లు బేరమాడి తగ్గించాను.

ఇంటర్వ్యూలో కంపెనీ జనరల్ మేనేజరు వేలు సరిగ్గా దాని మీదే పెట్టాడు.

"అన్నా, మా బావమరిదికి రేషన్ లారీలు ఉండె. ఆ రేట్లు జిల్లాలో టెండరుతో ఖాయమైతాయి. నువ్వెట్ల తగ్గిస్తివి?"

అంగట్లో కల్తీ సరుకు పట్టుబడితే దబాయించకూడదు, వెంటనే వాపసు తీసుకోవాలి.

"తగ్గించలేదు సార్. అది నా చేతుల్లో లేదు. ఆ లైను కొట్టేయండి."

"మరి నీ చేతుల్లో ఉన్నిందేంది?"

"లారీలు. పొద్దున్నే అన్నీ ఒకేసారి వచ్చి సాయంత్రం దాకా నిలబడేవి. నేను ఏ ఊరి లారీ ఏ గంటకు రావాలో రాసి గేటుకు అంటించినా. దూరం ఊర్లవి ముందు. ఏ లారీ ఎత్తాల్సిన బస్తాలు దాని టయానికి గేటు దగ్గరకే తెచ్చి పెట్టిస్తి. మధ్యాహ్నానికి యార్డు ఖాళీ. డ్రైవర్లు రెండో ట్రిప్పు కొట్టుకునేవాళ్లు, నాతో తగాదా పడడం మానుకున్నారు."

ఆయన ప్రొఫైల్ నా వైపు తిప్పి పెన్ను ఇచ్చాడు. "ఇది రాయి. జూన్‌లో మా గేటు ముందర లారీలు రోడ్డు దాకా నిలబడతాయి."

అబద్ధం కొట్టేసి, దాని పక్కన ఇరుకు అక్షరాలతో నిజం రాశాను. ఆ తర్వాత ఆయన విత్తనాల గడువు తేదీల గురించీ, తేమ గురించీ అడిగాడు. తేమ నాకు తెలుసు. మొలక శాతం తెలియదని చెప్పి, నేర్చుకుంటానన్నాను.

"సోమవారం చేరు," అన్నాడు.

"నోటీసు మే నెలాఖరుకు అయిపోతాది సార్. స్టాకు అప్పజెప్పి, రిలీవింగ్ ఆర్డరు తీసుకోనిదే రాను. జూన్ ఒకటిన మీ గేటు దగ్గర ఉంటా."

"అప్పటికి విత్తనాల గిరాకీ మొదలైతాదప్పా. మే పదిహేను."

"ఎనిమిదేళ్ల గోడౌన్ని లెక్క అప్పజెప్పకుండా వదిలి వచ్చేవాడికి మీ గోడౌన్ ఇస్తారా సార్?"

ఆయన ఆఫర్ లెటర్‌లో జూన్ ఒకటి అని వేయించాడు.